గల్లాపెట్టెలో సర్కారు వాటా: నగదు అమ్మకంలో పన్ను పద్దు ఎక్కడ పడాలి

విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గర ఒక స్టీలు సామాన్ల కొట్టు ఉందనుకుందాం. పెళ్లి సారె కొనడానికి అనకాపల్లి నుంచి వచ్చిన ఒకావిడ స్టీలు గిన్నెల సెట్టు, మిక్సీ తీసుకున్నారు. గిన్నెల సెట్టు 2,100, మిక్సీ 3,540. మొత్తం 5,640 రూపాయలు. ఆవిడ నోట్లు లెక్కపెట్టి ఇచ్చారు, యజమాని గల్లాపెట్టెలో వేసుకుని బిల్లు చేతికిచ్చాడు. రాత్రి కొట్టు కట్టేసే ముందు గుమస్తా చిట్టాలో ఒక్క ముక్క రాశాడు: "నగదు అమ్మకం 5,640".

పెట్టెలో డబ్బు సరిపోయింది. చిట్టా కూడా పెట్టెతో సరిపోయింది. అయినా ఆ పద్దులో 640 రూపాయల తప్పుంది. పెట్టె ఎంత లెక్కపెట్టినా ఆ తప్పు బయటపడదు. నోటు మీద ఇది కొట్టుది, ఇది సర్కారుది అని రాసి ఉండదు కదా. రెండూ ఒకే చేతిలోంచి వచ్చి ఒకే పెట్టెలో కలిసిపోతాయి. వాటిని విడదీయగలిగేది పుస్తకం ఒక్కటే. అదీ అమ్మిన రోజునే జరగాలి. నెలాఖరుకి కూర్చుని ఏ బిల్లులో ఎంత పన్ను ఉందో గుర్తు తెచ్చుకోవడం ఎవరి వల్లా కాదు.

ముందు ఆ 640 ఎలా వచ్చిందో చూద్దాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి వంటింటి స్టీలు సామాన్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. మిక్సీ మీద 18 శాతమే ఉంది. చిల్లర కొట్లలో చెప్పే ధర సాధారణంగా పన్ను కలిపిన ధరే. కొనేవాళ్లకి "మూడు వేలు, పైన పన్ను" అని చెబితే బేరం తెగదు, "మూడు వేల అయిదు వందల నలభై" అనే చెబుతారు. కాబట్టి పుస్తకం రాసేవాళ్లు ఆ మొత్తంలోంచి పన్నును వెనక్కి లాగాలి. ఎక్కువ తప్పులు పుట్టేది ఇక్కడే. చాలామంది 3,540లో 18 శాతం తీస్తారు. 637 రూపాయల 20 పైసలు వస్తుంది. కానీ పన్ను వేసింది 3,540 మీద కాదు, పన్ను కలపక ముందున్న ధర మీద. ఆ ధర వంద అయితే కొన్నవాళ్లు ఇచ్చింది 118. అంటే ఇచ్చిన ప్రతి 118లో 18 పన్ను. జీఎస్టీ నిబంధనల్లో 35వది చెప్పేదీ ఇదే లెక్క:

```
మిక్సీ:   3540 × 18 ÷ 118 = 540    అసలు ధర 3000
గిన్నెలు: 2100 × 5 ÷ 105  = 100    అసలు ధర 2000
```

తప్పు లెక్కకీ సరైన లెక్కకీ ఒక్క మిక్సీ దగ్గర తేడా 97 రూపాయల 20 పైసలు. నెలకి నలభై మిక్సీలు అమ్మే కొట్టు అయితే 3,888 రూపాయలు. ఇది సర్కారుకి తక్కువ కట్టిన తప్పు కాదు, ఎక్కువ కట్టిన తప్పు. అందుకే దీని మీద నోటీసు రాదు, ఎవరూ అడగరు, ఏళ్ల తరబడి అలాగే నడిచిపోతుంది.

వచ్చిన పన్నును మళ్లీ రెండుగా చీల్చాలి. అమ్మిన కొట్టూ, సరుకు చేతులు మారిన చోటూ ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి కాబట్టి సగం కేంద్రానికి సీజీఎస్టీ, సగం రాష్ట్రానికి ఎస్జీఎస్టీ. ఇప్పుడు అదే అమ్మకానికి సరైన పద్దు ఇలా ఉంటుంది:

```
నగదు ఖాతా               డెబిట్   5,640
   అమ్మకాలు 5%            క్రెడిట్  2,000
   అమ్మకాలు 18%           క్రెడిట్  3,000
   ఔట్‌పుట్ సీజీఎస్టీ        క్రెడిట్    320
   ఔట్‌పుట్ ఎస్జీఎస్టీ       క్రెడిట్    320
```

సీజీఎస్టీ 320 అంటే గిన్నెల మీద 50, మిక్సీ మీద 270. ఎస్జీఎస్టీ కూడా అంతే. ఆవిడ సగం డబ్బు ఫోన్‌లో కొట్టి మిగతా సగం నోట్లు ఇచ్చినా కింది నాలుగు వరుసలూ మారవు. పై వరుస మాత్రం నగదు, బ్యాంకు అని రెండుగా చీలుతుంది. పెట్టె లెక్క తప్పకుండా ఉండాలంటే ఆ చీలిక కూడా ఆ రోజే రాయాలి.

చివరి రెండు ఖాతాలూ పన్ను చెల్లించవలసిన ఖాతాలు. ఇవి అప్పు ఖాతాలు. టాలీ వాడే కొట్లలో ఇవి `Duties & Taxes` అనే గ్రూపు కింద ఉంటాయి. ఆ గ్రూపు `Current Liabilities` కింద ఉంటుంది, అంటే స్వల్పకాలంలో తీర్చాల్సిన అప్పుల వరసలో. సరుకు అరువు తెచ్చిన హోల్‌సేల్ షాపుకి బాకీ ఎలా ఉంటామో, గిన్నెలు అమ్మిన నిమిషం నుంచి సర్కారుకీ అలాగే 640 బాకీ పడ్డామన్నమాట. తేడా ఏమిటంటే హోల్‌సేల్ ఆయన వారానికోసారి మనిషిని పంపి గుర్తు చేస్తాడు. సర్కారు అలా పంపదు, ఈ ఖాతానే గుర్తు చేయాలి.

"ఎలాగూ నెల తర్వాత కట్టేదే కదా, కట్టినప్పుడు పన్ను ఖర్చు అని రాసుకుంటే సరిపోదా?" ఈ ప్రశ్న చిన్న కొట్లలో చాలా చోట్ల వినిపిస్తుంది. అడగదగిన ప్రశ్నే. మొత్తం 5,640 అమ్మకంలో వేసి, కట్టిన రోజున పన్నును ఖర్చులో వేస్తే ఏడాది చివరికి లాభం దాదాపు అంతే వస్తుంది. అందుకే ఈ పద్ధతి ఇంకా బతికుంది. నష్టం ఎక్కడో చూడాలంటే ఒక్క మిక్సీని పట్టుకుంటే చాలు.

మిక్సీని కొట్టు యజమాని 2,600 రూపాయలకి కొన్నాడు. దాని మీద 18 శాతం పన్ను 468, అంటే హోల్‌సేల్ షాపుకి ఇచ్చింది 3,068. అమ్మింది 3,540కి. చేతికి వచ్చిన దాంట్లోంచి చేతి నుంచి పోయింది తీసేస్తే 472 మిగిలినట్టు కనిపిస్తుంది. యజమాని మనసులో ఉండే లెక్క ఇదే, బేరమాడే అమ్మకి తగ్గించేటప్పుడు ఆయన చూసుకునేదీ ఈ 472నే. నిజంగా ఆయన లాభం 3,000లోంచి 2,600 తీసేస్తే వచ్చే 400. మిగిలిన 72 ఎక్కడిది? అమ్మినప్పుడు వసూలు చేసిన పన్ను 540, కొన్నప్పుడు ఇచ్చిన పన్ను 468. ఆ తేడా 72 సర్కారుకి చేరాల్సింది. అది కొద్ది రోజులు పెట్టెలో విశ్రాంతి తీసుకుంటోంది, అంతే. ఒక్కో మిక్సీకి 72 అంటే తీసిపారేసేంత చిన్న మొత్తంలాగే ఉంటుంది. కానీ దసరా, దీపావళి, సంక్రాంతి గిరాకీల్లో ఇలా పోగుపడ్డ డబ్బుతోనే కొత్త సరుకు తెచ్చేస్తారు, తీరా కట్టాల్సిన రోజు వచ్చేసరికి చేతిలో డబ్బుండదు. పన్ను ఖాతా విడిగా ఉంటే పెట్టెలో ఎంత ఉందో ఒక చోట, అందులో తనది కానిది ఎంతో ఇంకో చోట కనిపిస్తాయి.

టర్నోవర్ లెక్క కూడా తేడా వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవాళ్లకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయ్యే 40 లక్షల గీతని చూసేటప్పుడు, ఇంకా ఇలాంటి చాలా పరిమితుల దగ్గర, జీఎస్టీని కలపకుండా లెక్కించాలి. పన్నుతో కలిపి అమ్మకాలు రాసుకున్న కొట్టు తన సైజు తనకే పెద్దదిగా చూపించుకుంటుంది.

ఇదంతా మామూలు రిజిస్ట్రేషన్ ఉన్న కొట్టు మాట. కాంపోజిషన్ స్కీములో ఉన్న కొట్టు కొనేవాళ్ల దగ్గర పన్ను వసూలు చేయకూడదు, బిల్లు మీద పన్ను చూపకూడదు. ఆ కొట్టు అమ్మకాల మీద కట్టే ఒక శాతం పన్ను సొంత జేబులోంచి కట్టేదే. అక్కడ అది నిజంగానే ఖర్చు. అసలు రిజిస్ట్రేషనే లేని కొట్టు పన్ను పేరు చెప్పి ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. పక్కకొట్టు వాళ్ల పుస్తకం చూసి నేర్చుకునేవాళ్లు ముందు వాళ్లు ఏ వర్గంలో ఉన్నారో కనుక్కోవడం మంచిది.

ఇప్పుడు బేరం సంగతి. ఏ పుస్తకంలోనైనా అమ్మకం సరిగ్గా 5,640 దగ్గర ఆగుతుంది, పూర్ణా మార్కెట్‌లో ఆగదు.

"ఆ నలభై తీసెయ్యండి బాబూ, ఇన్ని కొన్నాం కదా!"

"సరేలెండమ్మా, అయిదు వేల ఆరు వందలు ఇచ్చెయ్యండి."

ఆ మాట అయ్యేసరికే 5,640కి బిల్లు ప్రింటయ్యి ఉంటుంది. పెట్టెలోకి వచ్చింది 5,600. రాత్రి లెక్కలో నలభై తక్కువ. గుమస్తా ఆ నలభైని "చిల్లర ఖర్చులు"లో వేసేసి పెట్టె సరిపెడతాడు. సరిపోతుంది కూడా. కానీ రాని నలభై రూపాయల మీద కొట్టు పన్ను కడుతోంది. అమ్మే సమయానికే ఇచ్చి బిల్లు మీద చూపిన తగ్గింపు పన్ను వేసే విలువలోంచి తీసేయొచ్చు. బిల్లు మీద లేని తగ్గింపుకి ఈ సౌకర్యం లేదు. కాబట్టి నలభైని మిక్సీ మీద తగ్గించి బిల్లు మళ్లీ తీస్తే మిక్సీ ధర 3,500 అవుతుంది. అందులో అసలు ధర 2,966 రూపాయల 10 పైసలు, పన్ను 533 రూపాయల 90 పైసలు, చీల్చితే 266 రూపాయల 95 పైసల చొప్పున. పన్నులో మిగిలింది ఆరు రూపాయల పది పైసలు. ఇంత చిన్న దానికి బిల్లు మార్చాలా అంటే, డబ్బు కోసం కాదు. రాత్రి పెట్టె లెక్కలో వచ్చే తేడాలు అన్నీ "చిల్లర ఖర్చులు"లోకి పోవడం మొదలైతే, ఒకరోజు నిజంగా ఐదొందలు పోయినా అదే గోతిలో పడి కనిపించకుండా పోతుంది. బేరం తెగాకే బిల్లు కొట్టడం అన్నిటికంటే తేలిక.

పైసల తేడా ఇంకో రకం. 299 రూపాయల ఎల్ఈడీ బల్బు మీద 18 శాతం పన్ను. అసలు ధర 253 రూపాయల 39 పైసలు. దాని మీద తొమ్మిది శాతం అంటే 22.8051, బిల్లులో 22 రూపాయల 81 పైసలు పడుతుంది. రెండు సార్లు 22.81 కలిపితే 45.62, అసలుతో కలిపితే 299 రూపాయల ఒక పైసా. వచ్చింది మాత్రం 299. ఆ పైసాని ఎస్జీఎస్టీలోంచి కొట్టేయాలనిపిస్తుంది, కొట్టేయకూడదు. దాన్ని రౌండ్ ఆఫ్ ఖాతాలో డెబిట్ చేసి, పన్ను ఖాతాలు రెండూ సమానంగా ఉంచాలి. ఈ సమానత్వం ఎందుకంత ముఖ్యమో నెలాఖరు లెక్కలో తెలుస్తుంది.

రోజంతా గరిటెలు, చెంచాలు, ఫిల్టర్లు అమ్మే కొట్టులో ప్రతి ముప్పై రూపాయలకీ బిల్లు కొట్టాలా? అక్కర్లేదు. అమ్మకం విలువ 200 రూపాయల లోపు ఉండి, కొన్నవాళ్లు రిజిస్టర్ కాని మామూలు జనం అయ్యుండి, బిల్లు అడగకపోతే, వాటన్నిటికీ కలిపి సాయంత్రం ఒక్క బిల్లు రాస్తే సరిపోతుంది. అయితే ఆ ఒక్క బిల్లులో కూడా రేటు వారీగా విడదీయాలి. అందుకే కొన్ని కొట్లలో కౌంటర్ మీద రెండు చిన్న పుస్తకాలుంటాయి, ఐదు శాతం సరుకు ఒక దాంట్లో, పద్దెనిమిది శాతం సరుకు ఇంకో దాంట్లో గీతలు పెట్టుకుంటూ పోతారు. పాత పద్ధతే, కానీ పని చేస్తుంది.

నెలాఖరు వచ్చింది. అక్టోబర్ నెలలో ఆ కొట్టు పన్ను కలపకుండా ఐదు శాతం సరుకు 3,00,000కి, పద్దెనిమిది శాతం సరుకు 1,50,000కి అమ్మిందనుకుందాం. అంకణా, అంటే అన్ని ఖాతాల నిల్వల పట్టిక, తీసే ముందే ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. మూడు లక్షల మీద రెండున్నర శాతం 7,500, లక్షన్నర మీద తొమ్మిది శాతం 13,500. కలిపితే 21,000. ఔట్‌పుట్ సీజీఎస్టీ ఖాతాలో ఆ నెల నికరంగా 21,000 క్రెడిట్ ఉండాలి, ఎస్జీఎస్టీలో కూడా 21,000 ఉండాలి. పైసల తేడా రావచ్చు, రూపాయల్లో వస్తే మాత్రం ఎక్కడో ఏదో జరిగింది.

అమ్మకాల ఖాతాని రేటు వారీగా విడగొట్టుకోమనేది ఈ పరీక్ష కోసమే. అన్నీ కలిపి ఒకే "అమ్మకాలు" ఖాతాలో వేస్తే ఈ లెక్క చేయడానికే వీలుండదు.

తేడా వస్తే దాన్ని ఎలా వెతకాలో చూద్దాం. ఒక మిక్సీ బిల్లుని గుమస్తా పన్ను విడదీయకుండా మొత్తం 3,540నీ "అమ్మకాలు 18%"లో వేసేశాడు. అప్పుడు ఆ ఖాతా 1,50,540 చూపిస్తుంది, దాని ప్రకారం సీజీఎస్టీ 21,048 రూపాయల 60 పైసలు ఉండాలి. కానీ పుస్తకంలో ఉన్నది 20,730. తేడా 318 రూపాయల 60 పైసలు. ఈ తేడాని 0.09తో భాగిస్తే సరిగ్గా 3,540 వస్తుంది. ఇక ఆ నెల బిల్లుల్లో 3,540 మొత్తం ఉన్నవి తిరగేస్తే తప్పు చేసిన బిల్లు దొరుకుతుంది. అంతా వెతకక్కర్లేదు. అదే తేడా అటువైపు వస్తే, అంటే ఉండాల్సిన దానికంటే పన్ను ఖాతాలో ఎక్కువ ఉంటే, మొదట చెప్పిన 637 రకం తప్పు జరుగుతోందని అనుమానించాలి. రెండు ఖాతాలూ సమానంగా లేకపోతే సాధారణంగా ఒక బిల్లులో ఒక సగం రాయడం మర్చిపోయి ఉంటారు, లేదా ఆ పైసాలాంటి తేడాని ఒకవైపే సరిపెట్టి ఉంటారు.

రేట్లు మారిన కాలంలో ఇంకో తేడా కూడా ఇక్కడే బయటపడుతుంది. గిన్నెల రేటు ఐదుకి దిగాక కూడా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాత 12 శాతమే ఉండిపోయి, 2,000 రూపాయల సెట్టుకి 240 పన్ను వేసి 2,240 తీసుకుంటే, "అసలు పన్ను వందే కదా, మిగతా 140 మనదే" అనుకోవడానికి వీల్లేదు. పన్ను పేరుతో వసూలు చేసింది ఏదైనా సర్కారుకి కట్టాల్సిందేనని చట్టంలోని 76వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి పన్ను ఖాతాలో పడాల్సింది కూడా 240.

విశాఖకి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. ఒడిశాలోని కోరాపుట్, జైపూర్, రాయగడ వైపు నుంచి ఆస్పత్రి పనుల మీదో, పెళ్లి కొనుగోళ్లకో ఇక్కడికి వచ్చేవాళ్లు చాలామంది. వాళ్లు కౌంటర్ మీద డబ్బిచ్చి సరుకు పట్టుకెళతారు. పేరు, ఊరు రాయకుండా బిల్లిస్తే అది విశాఖలో జరిగిన అమ్మకమే, సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ చెరో 320. కానీ 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మార్పు ప్రకారం, రిజిస్టర్ కాని కొనుగోలుదారు చిరునామా బిల్లులో రాస్తే ఆ చిరునామా ఉన్న చోటే అమ్మకం జరిగినట్టు. రాష్ట్రం పేరు రాసినా చాలు, చిరునామా రాసినట్టే లెక్క. "గ్యారంటీ కార్డుకి పనికొస్తుంది, ఊరు కూడా రాయండి" అని వాళ్లలో ఒకాయన అడిగితే, గుమస్తా "కోరాపుట్, ఒడిశా" అని టైప్ చేస్తాడు. అంతే, అది అంతర్రాష్ట్ర అమ్మకం అయిపోతుంది. అప్పుడు పద్దులో చెరో 320 ఉండకూడదు, ఔట్‌పుట్ ఐజీఎస్టీ అనే మూడో ఖాతాలో 640 పడాలి. కొన్నాయన ఇచ్చే డబ్బులో రూపాయి తేడా లేదు, పెట్టెలో తేడా లేదు, మొత్తం పన్నులోనూ తేడా లేదు. మారింది బాకీ ఎవరికి అన్నది ఒక్కటే. బిల్లు ఐజీఎస్టీ అని, పుస్తకం సీజీఎస్టీ అని చెబితే రిటర్నులో ఒక రకం, పుస్తకంలో ఇంకో రకం అంకెలు వస్తాయి. నెలాఖరు పరీక్షలో 21,000కి బదులు చెరో 20,680 వచ్చి, ఐజీఎస్టీలో 640 కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. అది తప్పు కాదు, కోరాపుట్ బిల్లు.

వాపసు సరుకు దగ్గర తప్పు జరిగితే దొరకడం ఇంకా కష్టం. మిక్సీ జార్ లీక్ అవుతోందని మూడో రోజు ఆవిడ తిరిగి తెచ్చారు. యజమాని 3,540 తిరిగి ఇచ్చేశాడు. గుమస్తా "వాపసు 3,540" అని ఖర్చు రాశాడు. పెట్టె సరిపోయింది. కానీ అమ్మిన రోజు పన్ను ఖాతాల్లో వేసిన 270, 270 అలాగే ఉండిపోయాయి. లేని అమ్మకానికి 540 పన్ను కట్టబోతున్నారు. సరైన పద్దులో క్రెడిట్ నోటు రాసి, అమ్మకాల వాపసు 18 శాతం 3,000 డెబిట్, రెండు పన్ను ఖాతాలూ 270 చొప్పున డెబిట్, నగదు 3,540 క్రెడిట్ చేయాలి. అమ్మకం పద్దుని అద్దంలో చూసినట్టు తిరగేయడమే. పై పరీక్ష చేసేటప్పుడు అమ్మకాల్లోంచి ఈ వాపసులు తీసేసి లెక్క వేయాలి.

ఇక కట్టే రోజు. మన కొట్టు నెలనెలా రిటర్ను వేసే కొట్టు అనుకుంటే, అక్టోబర్ పన్నుని జీఎస్టీఆర్-3బీతో నవంబర్ 20లోపు కట్టాలి. ఆ రోజు ఉదయం యజమాని ఔట్‌పుట్ సీజీఎస్టీ ఖాతా తెరిచి చూస్తే 33,400 ఉంది. గుండె గుభేలుమంటుంది. ఎందుకంటే నవంబర్ మొదటి పంతొమ్మిది రోజుల అమ్మకాల మీద పన్ను 12,400 కూడా అందులోనే చేరిపోయింది. ఈ ఖాతా ఎప్పుడూ ఖాళీగా ఉండదు, రోజూ నిండుతూనే ఉంటుంది. అందుకే కట్టే రోజు నిల్వ చూసి టెన్షన్ పడే బదులు, అక్టోబర్ 31 తేదీతోనే ఆ నెల బాకీని వేరే ఖాతాలోకి తీసేయడం మంచి అలవాటు. ఆ నెలలో కొన్న సరుకు మీద ఇచ్చిన పన్ను, అంటే ఇన్‌పుట్ క్రెడిట్, చెరో 16,000 ఉందనుకుంటే:

```
ఔట్‌పుట్ సీజీఎస్టీ           డెబిట్  21,000
ఔట్‌పుట్ ఎస్జీఎస్టీ          డెబిట్  21,000
   ఇన్‌పుట్ సీజీఎస్టీ         క్రెడిట్ 16,000
   ఇన్‌పుట్ ఎస్జీఎస్టీ        క్రెడిట్ 16,000
   చెల్లించవలసిన సీజీఎస్టీ   క్రెడిట్  5,000
   చెల్లించవలసిన ఎస్జీఎస్టీ  క్రెడిట్  5,000
```

ఇలా చేస్తే నవంబర్ 20న ఔట్‌పుట్ ఖాతాలో కనిపించేది 12,400 మాత్రమే, అది వచ్చే నెల సంగతి. కట్టాల్సిన పదివేలు విడిగా, కదలకుండా కూర్చుని ఉంటాయి. కట్టిన రోజు ఆ రెండు ఖాతాలూ చెరో 5,000 డెబిట్ అవుతాయి, బ్యాంకు ఖాతా 10,000 క్రెడిట్ అవుతుంది, రెండూ సున్నాకి వస్తాయి. సున్నాకి రాకపోతే కట్టింది తక్కువో ఎక్కువో ఆ క్షణంలోనే తెలుస్తుంది. సర్దుబాటులో ఒక హద్దు గుర్తుంచుకోవాలి: సీజీఎస్టీ క్రెడిట్‌తో ఎస్జీఎస్టీ బాకీ తీర్చలేరు, ఎస్జీఎస్టీ క్రెడిట్‌తో సీజీఎస్టీ తీర్చలేరు. రెండు ఔట్‌పుట్ ఖాతాలనూ కలిపి ఒకే "జీఎస్టీ" ఖాతాగా నడిపే కొట్లు ఈ మెట్టు దగ్గరే ఇరుక్కుంటాయి.

ఇన్‌పుట్ క్రెడిట్ చెరో 16,000 అన్నాం కానీ, అది కొన్న బిల్లుల్లో ఉన్నంత మాత్రాన రాదు. హోల్‌సేల్ షాపు తన రిటర్నులో ఆ బిల్లుని చూపించి, అది కొట్టు జీఎస్టీఆర్-2బీలో కనిపించాలి. కనిపించకపోతే ఆ నెలకి ఆ మొత్తం వాడుకోలేరు, కట్టాల్సింది పదివేలు కాక ఇంకా పెరుగుతుంది. ఔట్‌పుట్ వైపు మాత్రం ఇలాంటి ఎదురుచూపులేమీ ఉండవు, అమ్మిన రోజే బాకీ పడిపోతుంది.

ఆ పదివేలు నవంబర్ 20న కాక ముప్పై రోజులు ఆలస్యంగా కడితే, ఏడాదికి 18 శాతం చొప్పున దాదాపు 148 రూపాయలు వడ్డీ పడుతుంది, లేటు ఫీజు వేరే. ఈ 148ని పన్ను ఖాతాలో రాయకూడదు. ఇది కొన్నవాళ్ల దగ్గర వసూలు చేసిన డబ్బు కాదు, కొట్టు సొంత డబ్బు, కాబట్టి ఖర్చులోకే వెళ్లాలి.